స్పెయిన్ కొండదారిలో సుధేష్ణ చేసిన ఫోను

ఐర్లండులోని మ్యాలో స్టేషన్లో డబ్లిన్ రైలు దిగి ట్రాలీ ఊరికి పోయే రైలెక్కాను. పెట్టెలో ఎవరూ లేరనుకుని, మాస్కు గడ్డం కిందికి లాగి, ఊడి రాని పులిహోర డబ్బా మూతను తెలుగులో తిట్టాను. వెనక సీటు నుంచి జవాబు వచ్చింది.

"అంకుల్, అది గట్ల రాదు. పక్కకు తిప్పుండ్రి. మీ దగ్గర చార్జర్ ఉందా?"

తిరిగి చూస్తే ముప్పై అయిదేళ్ల అమ్మాయి. పక్కన మనిషెత్తు సూట్‌కేసు. చేతిలో ఫోను, ఎర్ర గీతకు దిగిన బ్యాటరీ. పేరు సుధేష్ణ, ఊరు కరీంనగర్, ఉండేది డబ్లిన్ దక్షిణాన చెర్రీవుడ్‌లో. చార్జరిచ్చాను. ఆ అమ్మాయి వచ్చి నా ఎదుట కూర్చుంది. అది 2022 ఫిబ్రవరి. దేశం తలుపులు తెరిచింది కానీ రైళ్లలో ముక్కులకింకా తెరవలేదు. సగం ముఖాలతోనే పరిచయం చేసుకున్నాం.

"కాసేపట్ల ఒక ఫోన్ రావాలె. అది రాకముందు సచ్చిపోతదేమో అని భయం" అంది, ఫోను గురించే.

ఏం ఫోనని నేనడగలేదు. రైలు ప్రయాణాల్లో అడగకపోవడమే మంచి ప్రశ్న. గుంతకల్లు ప్యాసింజరులోనైనా, వోల్గా ఒడ్డు రైల్లోనైనా ఇది ఒకటే సూత్రం. రెండు ముద్దల పులిహోర తిన్నాక తనే చెప్పడం మొదలుపెట్టింది.

సుధేష్ణ హైదరాబాదులో, తార్నాక దగ్గరి విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదివింది. వాళ్ల నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. కూతురు ఎమ్మే స్పానిష్ అంటే ఆయన బంధువుల దగ్గర "ఇంగ్లీషు లాంటిదే, ఇంకొంచెం ఎక్కువ" అని చెప్పుకునేవాడట. డబ్లిన్‌లో ఒక పెద్ద కంపెనీకి స్పానిష్ ఖాతాదారుల ఫోన్లు చూసుకునే ఉద్యోగం వచ్చింది. భర్త నవదీప్ సాఫ్ట్‌వేర్. ఈ అమ్మాయి స్పానిష్‌కు ముందు ఉద్యోగం వస్తే, ఆ వీసా వెనక భర్త వచ్చాడు. ఆ సంగతి ఆమె ఒకసారే అంది, గొప్పకు కాదు.

2021 వసంతంలో ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటొద్దన్న రోజుల్లో చెర్రీవుడ్ తెలుగువాళ్లందరికీ స్పెయిన్ పిచ్చి పట్టింది. తలుపులు తెరవగానే ఎండలోకి పోవాలి. వర్షం దేశంలో ఏడాది పాటు గోడలు చూసినవాళ్ల కోరిక అది, తప్పేముంది. సుధేష్ణ ఆదివారాలు జూమ్‌లో స్పానిష్ క్లాసు పెట్టింది. హోటల్లో గది అడగడం, కాఫీ అడగడం ఎవరైనా నేర్పుతారు. ఈమె మొదలుపెట్టింది వేరే చోట. ఆపదలో ఒకటి ఒకటి రెండు నంబరుకు ఫోను చేస్తే ఏం చెప్పాలి?

"అక్కడ ఇంగ్లీషు కూడా మాట్లాడతారట కదమ్మా?" అన్నాను.

"మాట్లాడతరు అంకుల్. అనువాదకుణ్ని లైన్ల కలుపుతరు. ఆ కలిపే నిమిషంల మనిషి ఊపిరాడక చూస్తుంటడు. నేరుగ చెప్పుకుంటే ఆ నిమిషం మిగుల్తది."

తెలుగువాళ్లకు ఇది నేర్పడం ఎంత కష్టమో చెప్పి నవ్వింది. మనం ఏ సంగతైనా మొదటి నుంచి చెబుతాం. పెళ్లిలో పప్పు అడుగంటిందని చెప్పాలంటే పెళ్లిచూపుల నుంచి ఎత్తుకుంటాం. క్లాసులో అందరికంటే హుషారు త్రినాథ్. విజయనగరం వాడు, నవదీప్ ఆఫీసే, ఇద్దరికీ "బావా" అంటే "బావా". అభ్యాసంలో సుధేష్ణ ఆపరేటరు, త్రినాథ్ ఫోను చేసేవాడు.

"నమస్కారం మేడమ్, నా పేరు త్రినాథండీ. మేం సోమవారం డబ్లిన్ నుంచి వచ్చామండీ, నేనూ మా ఆవిడ లీలారాణీ..."

"త్రినాథ్ గారూ, మీరు విమానం దిగేలోపల మీ పేషెంట్ పోయిండు."

"పోనీండి వదినా, మా బావే కదా!"

జూమ్ పెట్టెల్లో ముఖాలన్నీ నవ్వాయట.

ఆమె నేర్పిన వరస నాకు బాగా నచ్చింది. ముందు చోటు. ఫోను మధ్యలో తెగినా బండి మాత్రం బయలుదేరుతుంది. ఊరి పరిధి, రోడ్డు పేరు, కిలోమీటరు రాయి మీద అంకె, ఎటు వైపు పోతున్నారు. "గుడి పక్క సందులో, పెద్ద తోట దాటాక" అంటే అక్కడ కుదరదు. ఈ దేశంలోనూ ఒకప్పుడు ఊరివాళ్లు మనలాగే "మర్ఫీ వాళ్ల పాత పాక దాటాక" అని దారి చెప్పేవాళ్లు. తర్వాత ఇంటింటికీ కోడ్ నంబరు ఇచ్చారు. రాయి మీద అంకెకు బంధుత్వాలు తెలియవు, అదే దాని గొప్ప. చోటు తర్వాత ఏం జరిగింది, ఎంతమందికి. తెలివి ఉందా, ఊపిరి ఆడుతోందా, రక్తం పోతోందా. వయసు. వాడే మందులు. అడిగిందానికే జవాబు. వాళ్లు పెట్టెయ్యమనేదాకా ఫోను పెట్టొద్దు.

చివరి సూత్రం ఆమె గట్టిగా చెప్పేది. "దాచొద్దు. జ్వరమున్నా, తాగినా, కడుపుతో ఉన్నా, షుగర్ ఉన్నా చెప్పాలె. వాళ్లు మీ చుట్టాలు గాదు, ఎవ్వరికీ చెప్పరు."

"షుగరు సంగతి మా అత్తగారికి తెలీకూడదండీ" అన్నాడు త్రినాథ్.

అక్టోబరు సెలవుల్లో రెండు జంటలూ స్పెయిన్ వెళ్లాయి. గ్రనడా దగ్గరి కొండల్లో తెల్ల సున్నం ఇళ్ల ఊళ్లు, మెట్టు మెట్టుగా రాతి గోడలు కట్టిన పొలాలు, చెస్ట్‌నట్ చెట్లు. అందరికీ రెండు టీకా సూదులూ పడ్డాయి, సర్టిఫికెట్లు ఫోనుల్లో ఉన్నాయి. మూడో రోజు పొద్దున అద్దె కారులో పైకి బయలుదేరారు. పంపనెయిరా ఊరు దాటాక కారాపి, త్రినాథ్ ఫొటో కోసం రోడ్డంచు రాతి గోడెక్కాడు. గోడ మీది రాయి కదిలింది. కింది మెట్టు పొలంలోకి రెండు నిలువుల లోతు పడ్డాడు.

లీలారాణి కేక పెట్టి అక్కడే కూలబడింది. నవదీప్ కిందికి దిగబోతూ, "సుధా, ఫోన్ చెయ్, ఫోన్ చెయ్!" అన్నాడు.

ఆమె ముందు రాయి దగ్గరికి పరిగెత్తింది. అంకె చూసుకుని, అప్పుడు కలిపింది.

ఆ సంభాషణ ఆమె నాకు స్పానిష్‌లోనే, అక్షరం పోకుండా వినిపించింది. ఒక్కో వాక్యానికీ తెలుగు చెప్పింది. మొదటి గొంతు ఆడమనిషిది. అత్యవసరం ఎక్కడ? పంపనెయిరా పరిధి, ఫలానా రోడ్డు, ఫలానా కిలోమీటరు, పైకి పోయే దిక్కు, కుడి వైపు అంచు, ఎర్ర కారు ఆగి ఉంది. ఏం జరిగింది? ఒక మనిషి గోడ మీంచి పడ్డాడు, మూడు నాలుగు మీటర్లు. ఎంతమంది? ఒక్కడే. ఆ వివరాలు రాసుకుని, లైను తెంచకుండా ఆరోగ్య విభాగానికి కలిపింది. రెండో గొంతు మగమనిషిది, నెమ్మది.

"ఎస్తా కొన్సియెంతె, పెరో లె క్వెస్తా రెస్పిరార్." తెలివిలో ఉన్నాడు, కానీ ఊపిరి తీయడం కష్టంగా ఉంది. ముప్పై ఎనిమిదేళ్లు. కుడి పక్కటెముకల దగ్గర విపరీతమైన నొప్పి. ఎడమ కాలు మోకాలి కింద వంకర పోయింది. నుదుటి మీద రక్తం, ఆగుతోంది. షుగరుంది, మాత్రలు వాడతాడు.

షుగరు మాట కూడా చెప్పింది. అత్తగారు వినలేదు.

కదపొద్దన్నాడు. తాగడానికేమీ ఇవ్వొద్దన్నాడు. ఒకరు రోడ్డు మీద నిలబడి బండికి చెయ్యూపమన్నాడు. అప్పుడడిగాడు. అప్పట్లో అందరినీ అడిగే ప్రశ్న అది, వచ్చేవాళ్లు ఏం తొడుక్కోవాలో తెలియాలి కదా. అతనికి గానీ, మీలో ఎవరికైనా గానీ, ఈ మధ్య జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం, పరీక్షలో పాజిటివ్ రావడం ఉందా?

సుధేష్ణ ఫోను చేత్తో మూసి ఇటు తిరిగింది. "కోవిడ్ లక్షణాలేమన్న ఉన్నయా అని అడుగుతున్నరు. ఎవరికన్న? టెస్ట్ ఏమన్న వచ్చిందా?"

"లేదు లేదు, ఏం లేదక్కా" అంది లీలారాణి.

నవదీప్ పొలంలోంచి తలెత్తాడు. "ఏం లేదు. లేదని చెప్పు సుధా, జల్ది."

ఆమె లేదని చెప్పింది. "సెగూరా?" అన్నాడతను. నిశ్చయమేనా? "సెగూరా" అంది. నిశ్చయమే.

అంబులెన్సులో నర్సు ఇన్మా, ఒక సహాయకుడు వచ్చారు. ముఖానికి మాస్కు, చేతికి గ్లవ్స్, అంతే. ఇన్మా పొలంలో మోకాళ్ల మీద కూర్చుని త్రినాథ్ ముఖం మీదికి వంగి ఆక్సిజన్ పెట్టింది. అతను దగ్గుతుంటే తల పట్టుకుంది. ఆసుపత్రి చేరేదాకా అతనితో "మీ స్నేహితురాలు మంచిగా చెప్పింది, దారి వెతుక్కోవాల్సిన పనే రాలేదు" అంటూనే ఉందట. అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు, అయినా తలూపాడట.

ఊపిరితిత్తి ఒక పక్క కుంగింది, గొట్టం వేశారు. కాలికి ఆపరేషన్. బతికాడు. చేర్చుకునేటప్పుడు అందరికీ చేసే పరీక్ష అతనికీ చేశారు. పాజిటివ్.

సుధేష్ణ వరండాలో డాక్టరుకు వివరిస్తోంది, ఇది ఈ ఒకటి రెండు రోజుల్లో అంటి ఉంటుంది, మాకెవరికీ తెలియదని. అప్పుడు లీలారాణి ఏడుపు మొదలుపెట్టింది.

"అక్కా, పొద్దున్నే చూశామే. రెండు గీతలొచ్చాయి. రాత్రి నుంచీ కాఫీ వాసన తెలీట్లేదన్నారు. నాకు చెప్పాలనే ఉంది. నవదీప్ అన్నయ్యే వద్దన్నారు."

సుధేష్ణ భర్త వైపు చూసింది. అతను దాచలేదు, కనీసం అప్పుడైనా.

"నీకు చెప్తే నువ్వు చెప్పేస్తవ్. పది రోజులు గదిల పెడ్తరు. లీవుల్లేవు, రిలీజ్ ఉన్నది. ఇద్దరికీ."

"మరి ఫోన్ల అడిగినప్పుడు?"

"అప్పుడు చెప్తే వాళ్లు వస్తరో రారో అనిపించింది. ఏం చెయ్యాలె?"

"వస్తరు. అందరి కోసం వస్తరు. గౌను తొడుక్కొని వస్తరు. క్లాసుల ఎన్ని సార్లు చెప్పిన?"

రైలు మిల్‌స్ట్రీట్ దాటింది. కిటికీలో తడిసిన పచ్చిక, దాని మీద గొర్రెలు. ఆ అమ్మాయి ముఖంలో కోపం లేదు. నలుగురిలో ముగ్గురికి తెలుసు, తెలియని ఒక్కదాని చేతికి ఫోనిచ్చారు. నలుగురి నోరూ ఆమెదే, అందుకే ఆమె చెవికి చేరనివ్వలేదు. ఆ కుదురైన ఏర్పాటే ఆమెను లోపల కోస్తోంది.

"మొగుడు అబద్ధమాడిండని గాదు అంకుల్. ఆడ్తరు. నాతోని ఆడించిండు. నా స్పానిష్‌ల."

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. అసలుది తర్వాత ఉంది.

డబ్లిన్ చేరాక ఆమెకు నిద్ర పట్టలేదు. ఆ కొండ ఊళ్ల ఆరోగ్య కేంద్రానికి ఫోను చేసి, ఇన్మా పేరు అడిగింది. కొన్నాళ్లకు ఇన్మాయే తిరిగి చేసింది. జ్వరం వచ్చి తగ్గిందట, ఇంట్లో ముసలి తల్లికి కూడా వచ్చిందట, ఆమె ఇంకా మంచం మీదే ఉందట. సుధేష్ణ క్షమించమని అడగబోయింది.

"నువ్వు బాధపడకమ్మాయ్" అంది ఇన్మా. "మీ ఆయన ఆసుపత్రిలో ఇంగ్లీషులో చెప్పాడు, నీకు స్పానిష్ అంతగా రాదని, ప్రశ్న తప్పుగా అర్థం చేసుకున్నావని. రాసుకున్నారు కూడా." కాసేపాగి, "కానీ, నీతో మాట్లాడుతుంటే... నీకు రాకపోవడమేమిటి?" అంది.

ఆ ముసలితల్లి ఎలా ఉందని సుధేష్ణ మళ్లీ అడగలేకపోయిందట. ఇన్మా అడిగిన ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఫోను పెట్టేసింది. పెట్టెయ్యమని వాళ్లు చెప్పకుండా ఆమె పెట్టేసిన ఫోను అదొక్కటే.

ఆ కథ చెర్రీవుడ్‌కు అప్పటికే చేరింది. పాపం సుధేష్ణకు కంగారులో ప్రశ్న అర్థం కాలేదట. ఆదివారం క్లాసుకు ముఖాలు తగ్గిపోయాయి. పార్కులో కలిసినవాళ్లు "పోనీలే సుధా, అందరికీ జరుగుతది" అని భుజం తట్టారు. తప్పు చెయ్యని భుజం మీద ఓదార్పు దెబ్బలా పడుతుందని అప్పుడు తెలిసిందట.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఇద్దరమూ ఉలిక్కిపడ్డాం. తీగ పొట్టిది, ఫోను బల్ల మీదే ఉంచి స్పీకరు పెట్టింది. నేను లేవబోతే "కూసోండ్రి అంకుల్" అంది.

ఫోను చేసింది కృష్ణ మూర్తి గారు. తెలుగు సంఘానికి పెద్ద, డబ్లిన్‌లోని బోమాంట్ ఆసుపత్రి ఫార్మసీలో పాతికేళ్లుగా ఉన్నారు. అమ్మాయి ఇక్కడి ఆసుపత్రుల్లో స్పానిష్ మాట్లాడే రోగులకు ఫోనులో అనువాదకురాలిగా చేరాలని దరఖాస్తు పెట్టింది. ఆయన ఒక మాట రాసివ్వాలి. ఈ లోపల ఉగాది కార్యక్రమానికి ముందే రెండిళ్లూ కలపాలని ఆయన కోరిక. అటు వైపు నవదీప్, త్రినాథ్, లీలారాణి ఉన్నారు.

"అమ్మా సుధేష్ణా, విను. ఎవరో కూశారట, త్రినాథ్ పాజిటివ్ అని తెలిసే తిరిగాడని. వాడి ఆఫీసు దాకా పోయింది. నువ్వు గ్రూపులో ఒక్క మాట పెట్టు తల్లీ. 'ప్రశ్న నాకు సరిగా అర్థం కాలేదు' అని. అంతే. అందరూ చల్లబడతారు. నీ కాగితం నేను రేపే రాసిస్తా."

"అంకుల్, ఏమని రాసిస్తరు?"

"నువ్వు బాగా అర్థం చేసుకుని, ఉన్నదున్నట్టు చెప్తావని."

"ప్రశ్న అర్థం కాలేదని నేనొప్పుకుంటే, బాగ అర్థం చేసుకుంటదని మీరు రాస్తరా?"

అవతల దగ్గు వినపడింది. త్రినాథ్ అందుకున్నాడు. గొంతులో పాత హుషారు లేదు.

"వదినా, నన్ను బతికించింది మీరేనండీ. రోజూ దణ్ణం పెట్టుకుంటాను. బతికించినవాళ్లే ఇప్పుడు పరువు తీస్తే ఎలాగండీ? ఉద్యోగం పోతే వీసా పోద్ది."

"త్రినాథ్ గారూ, నేనెవ్వరికీ ఏం కూయలే. ఇన్ని నెలలు మీ మాటనే నడిచింది. ఇప్పుడు దాన్ని నా నోటితోని చెప్పమంటున్నరు."

"మాటే కదక్కా" అంది లీలారాణి, ఏడుపు గొంతుతో.

"నాకు ఉన్నది మాటే లీలా."

అప్పుడు నవదీప్ మాట్లాడాడు. నెమ్మదిగానే, ప్రేమ ఉన్నవాడిలాగే. "సుధా, లొల్లి వద్దు. అది నీ మాతృభాష గాదు కద. ఎవ్వరు తప్పు పట్టరు. ఒక్క మెసేజ్ పెట్టి, ఆదివారం దాకా ట్రాలీల నీ ఫ్రెండ్ ఇంట్ల ఉండి ఇంటికి రా. నువ్వు, నేను, మునుపటి లెక్కనే."

సూట్‌కేసు వైపు చూశాను. అది ఆదివారం దాకా ఉండే సూట్‌కేసు కాదు. ట్రాలీలో ఒక గది, వారంలో రెండు సాయంత్రాలు స్పానిష్ చెప్పే పని చూసుకుంది. కంపెనీ ఉద్యోగం ఎలాగూ ఇంటి నుంచే. ఇవన్నీ అవతలి వాళ్లకు తెలియవు. నాకు అరగంట ముందు తెలిశాయి, అదీ మాటల మధ్య.

కిల్లార్నీ స్టేషన్లోకి రైలు దూరి, పట్టాల కొసన ఆగింది. అక్కడ దారి అయిపోతుంది. రైలు వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోవాలి. నేనిలాంటి స్టేషన్లు చాలా చూశాను. డ్రైవరు అటు నుంచి ఇటు నడిచి వస్తుంటే ప్రయాణికులకు తాము వెనక్కి పోతున్నామన్న బెంగ ఒక నిమిషం కలుగుతుంది.

"సుధా, ఉన్నవా?" అన్నాడు నవదీప్.

"ఉన్న. కృష్ణ మూర్తి అంకుల్, అందరు వింటున్నరు కద, ఒక్కసారే చెప్త. ఆ ఫోన్ల ఆయన కోవిడ్ గురించి అడిగిండు. నాకు అర్థమైంది. నేను మిమ్ముల తెలుగుల అడిగిన. మీరు లేదన్నరు. నవదీప్ తెలిసీ లేదన్నడు. నేను నిశ్చయమన్న. ఇదే గ్రూపుల పెడ్త, ఇంక వేరేది పెట్ట. కాగితం రాయకుండ్రి."

"సుధా, ఏమంటున్నవో నీకర్థమైతుందా?"

"అయితుంది నవదీప్. మాతృభాషనే కద."

అవతలివాళ్లు ఏదో ఒక్కసారిగా మొదలుపెట్టారు. ఆమె ఫోను కట్ చేసింది. తర్వాత ఒక్కొక్క అక్షరం నొక్కుతూ రాసింది. పంపించింది. పంపాక ఫోను వణుకుతూనే ఉంది, బల్ల మీద మెల్లగా జరుగుతూ. ఆమె దాన్ని చూడలేదు. కిటికీ చూసింది. కేరీ కొండలు మబ్బులో సగం ఉన్నాయి.

ఫారన్‌ఫోర్ స్టేషను దాటాక నేను ఏదో అనబోయాను. అనువాదకుల గురించే అనుకుంటాను. రాజులు యుద్ధం చేసి, సంధి చెడితే దుబాసీ మెడ తీసిన కథలు ఏ దేశంలోనైనా ఉన్నాయి. పులిహోర మిగిలింది, డబ్బా ఆమె వైపు జరిపాను. తినలేదు.

ట్రాలీ వచ్చింది. చార్జరు తీగ చుట్టి, జాగ్రత్తగా ముడేసి, నా చేతి పక్కన పెట్టింది. సూట్‌కేసు చక్రాలు పెట్టె గడప మీద ఒకసారి తట్టుకున్నాయి. సాయం పడదామని లేచేలోగా తనే ఎత్తి దింపుకుంది. ప్లాట్‌ఫారం మీద వాన. ఆమె మాస్కు తీసి కోటు జేబులో పెట్టుకుని, తలెత్తకుండా గేటు వైపు నడిచింది. నేను చెయ్యెత్తాను. ఆమె వెనక్కి తిరగలేదు, వెళ్లొస్తానని అనలేదు. బయట టాక్సీలు ఆగిన చోట కూడా ఆగకుండా, చక్రాల చప్పుడుతో ఊళ్లోకి నడిచిపోయింది.